గర్భిణులలో యోని కాండిడియాసిస్

గర్భిణులలో యోని కాండిడియాసిస్ అనేది కాండిడా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రం యోనిలో అతిగా పెరగటం వలన కలిగే ఇన్ఫెక్షను. దీనిని త్రష్ అని కూడా అంటారు. వాడుకలో తెల్లబట్ట అని పిలిచే లక్షణానికి ఇది ఒక ముఖ్య కారణం, అయితే తెల్లబట్ట అంతా కాండిడియాసిస్ కాదు. తల్లికి తీవ్రమైన అసౌకర్యాన్ని కలిగించినా, సాధారణంగా గర్భస్థ శిశువుకు ఈ వ్యాధి వలన ప్రమాదం ఉండదు. అందువలన దీని చికిత్సలో ప్రధాన ప్రశ్న వ్యాధి గురించి కాదు, మందు గురించి. గర్భం లేని స్త్రీకి 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మాత్ర ఒక్కటి మింగితే సరిపోతుంది. గర్భిణికి మాత్రం అదే అజోల్ కుటుంబానికి చెందిన క్లోట్రిమజోల్, మైకొనజోల్ వంటి మందులను యోనిలో పెట్టుకునే మాత్రగా గాని, క్రీముగా గాని ఏడు రాత్రులు వాడమని సూచిస్తారు. ఒకే కుటుంబపు మందులలో ఒకదానిని వద్దని మరొకదానిని ఎందుకు వాడతారో ఈ వ్యాసం వివరిస్తుంది.

గర్భధారణలో ఎందుకు ఎక్కువ

కాండిడా ఆల్బికన్స్ అనే జాతి చాలామంది ఆరోగ్యవంతులైన స్త్రీల యోనిలో ఏ బాధా కలిగించకుండా నివసిస్తూనే ఉంటుంది. గర్భధారణలో ఈస్ట్రోజన్ హార్మోను స్థాయి బాగా పెరుగుతుంది. దాని ప్రభావం వలన యోని గోడలోని కణాలలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం ఎక్కువగా నిల్వ చేరుతుంది. ఇది శిలీంధ్రానికి ఆహారానికి ఆధారమవుతుంది. ఈస్ట్రోజన్ వలన శిలీంధ్రం కణాలకు అతుక్కునే శక్తి, గుండ్రని రూపం నుండి దారపు పోగుల వంటి రూపానికి మారే శక్తి కూడా పెరుగుతాయి. కణజాలంలోకి చొచ్చుకుపోయి మంట పుట్టించేది ఈ పోగుల రూపమే. వీటికి తోడు, పిండాన్ని పరాయి వస్తువుగా తిరస్కరించకుండా ఉండేందుకు తల్లి రోగనిరోధక వ్యవస్థలో వచ్చే మార్పులు కూడా శిలీంధ్రానికి అనుకూలిస్తాయి. ఈ కారణాల వలన రెండవ, మూడవ త్రైమాసికాలలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది, తగ్గిన తరువాత మళ్ళీ వస్తుంది. మధుమేహం ఉన్నవారిలోను, ఇటీవల యాంటీబయాటిక్ మందులు వాడినవారిలోను అవకాశం మరింత ఎక్కువ.

గుర్తించటం

యోని ద్వారం చుట్టూ తీవ్రమైన దురద, ఎరుపు, వాపు, విరిగిన పాల తరకల వంటి తెల్లని స్రావం, మూత్రం తగిలినప్పుడు పైభాగాన మంట దీని ముఖ్య లక్షణాలు. స్రావానికి దుర్వాసన ఉండదు. గర్భధారణలో సహజంగానే పలుచని తెల్లని స్రావం ఎక్కువవుతుంది. దురద, మంట, దుర్వాసన లేని అటువంటి స్రావానికి చికిత్స అవసరం లేదు.

పరీక్ష సులభమైనదే. స్రావాన్ని పి.హెచ్. కాగితంపై అద్దినప్పుడు విలువ 4.5 లేక అంతకంటే తక్కువ ఉంటుంది. గాజు పలకపై 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే మొగ్గలు తొడిగే ఈస్ట్ కణాలు, పోగులు కనిపిస్తాయి. పి.హెచ్. 4.5 కంటే ఎక్కువగా ఉండి చేపల వాసన వస్తే అది బాక్టీరియల్ వెజినోసిస్ కావచ్చు. నురగతో కూడిన పసుపుపచ్చని స్రావం ట్రైకొమోనాస్ అనే పరాన్నజీవిని సూచిస్తుంది. ఈ రెండింటికీ అజోల్ మందులు పనిచేయవు. నీరులా ధారగా కారటం, రక్తం కనిపించటం, కడుపులో నొప్పి ఉంటే అది త్రష్ కాదు. ఉమ్మనీరు పోతున్నదేమోనని వెంటనే చూపించుకోవాలి. లక్షణాలను బట్టి మాత్రమే త్రష్ అని తేల్చుకోవటంలో పొరపాట్లు జరుగుతూ ఉంటాయి, గర్భిణి విషయంలో ఆ పొరపాటు ఖరీదైనది.

ఒకే కుటుంబం, రెండు మార్గాలు

అజోల్ మందులన్నీ ఒకే విధంగా పనిచేస్తాయి. శిలీంధ్రపు కణత్వచానికి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం అవసరం. దానిని తయారుచేయటంలో లానోస్టెరాల్ 14-ఆల్ఫా డిమిథైలేజ్ అనే ఎంజైము ఒక మెట్టు. అజోల్ ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. ఎర్గోస్టెరాల్ లేక కణత్వచం దెబ్బతిని శిలీంధ్రపు పెరుగుదల ఆగిపోతుంది. మనిషి శరీరంలో కొలెస్టెరాల్ తయారీలో కూడా ఇదే ఎంజైము మానవ రూపం పనిచేస్తుంది. మందు శిలీంధ్రపు ఎంజైమునే ఎక్కువగా పట్టుకుంటుంది, కాని మానవ ఎంజైమును పూర్తిగా విడిచిపెట్టదు. కాబట్టి మందు ఎంత మోతాదులో పిండాన్ని చేరుతుంది అనే దానిపైనే అంతా ఆధారపడి ఉంటుంది.

ఫ్లూకొనజోల్‌ను ఫైజర్ సంస్థ ఇంగ్లండులోని శాండ్‌విచ్ పరిశోధన కేంద్రంలో రూపొందించింది. అమెరికాలో 1990లో దీనికి అనుమతి లభించింది. దీని గొప్పతనం నీటిలో తేలికగా కరగటం. మింగిన మందులో 90 శాతానికి పైగా రక్తంలో చేరుతుంది. రక్తంలోని ప్రోటీనులకు అంటుకునేది సుమారు 12 శాతం మాత్రమే, మిగిలినదంతా స్వేచ్ఛగా కణజాలాలలోకి వెళుతుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి కూడా చేరగలదు కనుకనే మెదడు పొరలకు సోకే శిలీంధ్ర వ్యాధులలో ఇది ప్రాణరక్షక ఔషధం అయింది. అదే గుణం గర్భిణి విషయంలో లోపంగా మారుతుంది. ఇది మావిని దాటి పిండాన్ని చేరుతుంది. కాలేయంలో పెద్దగా మార్పు చెందక, అధిక భాగం మూత్రపిండాల ద్వారా యథాతథంగా బయటకు పోతుంది. రక్తంలో దీని పరిమాణం సగానికి తగ్గటానికి సుమారు 30 గంటలు పడుతుంది.

క్లోట్రిమజోల్ స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇది నీటిలో దాదాపు కరగదు. యోనిలో పెట్టుకున్నప్పుడు అందులో 3 నుండి 10 శాతం మాత్రమే రక్తంలోకి ప్రవేశిస్తుంది. ప్రవేశించిన కొద్దిపాటి భాగాన్ని కూడా కాలేయం త్వరగా నిర్వీర్యం చేస్తుంది. మైకొనజోల్ విషయంలో రక్తంలోకి చేరేది ఇంకా తక్కువ, సుమారు 1.4 శాతం. మందు అవసరమైన చోటనే, అంటే యోని గోడపైనే, నిలిచి ఉంటుంది.

ఒక ఉదాహరణ

ఈ తేడా ఎంత పెద్దదో తెలుసుకోవటానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. 24 ఏళ్ళ స్త్రీ, తొలి చూలు, తొమ్మిదవ వారం. నాలుగు రోజులుగా దురద, తరకల వంటి తెల్లబట్ట. చెప్పుకోవటానికి సిగ్గుపడి, భర్త చేత మందుల దుకాణం నుండి ఒక మాత్ర తెప్పించుకున్నది. దానిపై ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. అని ఉన్నది. దుకాణదారునికి ఆమె గర్భిణి అని ఎవరూ చెప్పలేదు, అతడూ అడగలేదు. మన పట్టణాలలో ఇది చాలా సహజమైన సన్నివేశం.

ఆ మాత్ర మింగితే కొద్ది గంటలలో రక్తంలో ఫ్లూకొనజోల్ మిల్లీలీటరుకు సుమారు 2.6 మైక్రోగ్రాములకు, అంటే 2600 నానోగ్రాములకు చేరుతుంది. 30 గంటల తరువాత 1300, 60 గంటల తరువాత 650, 90 గంటల తరువాత 325, 120 గంటల తరువాత సుమారు 160, 150 గంటల తరువాత సుమారు 80 నానోగ్రాములు మిగులుతాయి. అంటే ఆరు రోజులు గడిచినా మందు పూర్తిగా పోదు. అందువలననే ఒక్క మాత్ర వేసుకున్న తరువాత కూడా గర్భం ధరించే ముందు సుమారు ఒక వారం విరామం ఉండాలని ఫ్లూకొనజోల్ ఔషధ పత్రంలో సూచించారు.

అదే స్త్రీ క్లోట్రిమజోల్ యోని మాత్ర వాడినట్లయితే, 500 మిల్లీగ్రాముల పెద్ద మాత్ర పెట్టుకున్నా రక్తంలో గరిష్ఠంగా చేరేది మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే తక్కువ. గర్భిణికి సాధారణంగా ఇచ్చే 100 మిల్లీగ్రాముల మాత్రతో అది ఇంకా తక్కువ. ఫ్లూకొనజోల్ తొలిరోజు స్థాయి దీనికి 260 రెట్లు. ఆరవ రోజు మిగిలినది కూడా దీనికి ఎనిమిది రెట్లు. ఈ రెండు మందుల శక్తి సమానం కాదు కనుక ఈ అంకెలను నేరుగా ప్రమాదపు కొలతగా తీసుకోరాదు, కాని పిండం ఏ మందుకు ఎంతగా గురి అవుతుందో వీటి వలన స్పష్టమవుతుంది. తొమ్మిదవ వారం అంటే పిండంలో గుండె గదుల నిర్మాణం ముగింపుకు వస్తూ, అంగిలి ఇంకా కలవవలసి ఉన్న సమయం అన్నది గుర్తుంచుకోవాలి.

మన కథలోని స్త్రీ మాత్ర మింగలేదు అనుకుందాం. ఊరికి వచ్చే ఆరోగ్య కార్యకర్తను అడగగా ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. పి.హెచ్. 4 వచ్చింది, సూక్ష్మదర్శినిలో పోగులు కనిపించాయి. వైద్యురాలు క్లోట్రిమజోల్ 100 మి.గ్రా. యోని మాత్రలు ఏడు వ్రాసి, పైభాగపు దురదకు అదే మందు క్రీమును ఇచ్చింది. మూడవ రాత్రికి దురద తగ్గింది. ఇక్కడే చాలామంది మానివేస్తారు. ఆమె ఏడు రాత్రులూ పూర్తి చేసింది.

అధిక మోతాదు నుండి వచ్చిన హెచ్చరిక

ఫ్లూకొనజోల్ వలన పిండానికి హాని కలుగవచ్చునన్న అనుమానం మొదట త్రష్ చికిత్సలో రాలేదు. ప్రాణాంతకమైన శిలీంధ్ర వ్యాధులకు రోజుకు 400 నుండి 800 మిల్లీగ్రాముల చొప్పున మొదటి త్రైమాసికమంతా, లేదా అందులో అధిక భాగం, ఈ మందు వాడిన కొద్దిమంది తల్లుల శిశువులలో 1990ల నుండి ఒకే రకమైన లోపాలు నమోదయ్యాయి. పొట్టి తల, విలక్షణమైన ముఖరూపం, చీలిన అంగిలి, వంగిన తొడ ఎముకలు, సన్నని పక్కటెముకలు, బిగుసుకున్న కీళ్ళు, పుట్టుకతో గుండె జబ్బు వాటిలో ముఖ్యమైనవి.

ఈ లక్షణాల సముదాయం ఆంట్లీ-బిక్స్‌లర్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యువ్యాధిని పోలి ఉన్నది. ఈ పోలిక ఆసక్తికరమైనది. ఆ వ్యాధిలోని ఒక రకానికి పి.ఒ.ఆర్. అనే జన్యువులోని లోపం కారణం. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను, పైన చెప్పుకున్న డిమిథైలేజ్ ఎంజైముకు పని చేయటానికి కావలసిన ఎలక్ట్రాన్లను అందిస్తుంది. అంటే జన్యులోపం వలన ఆ ఎంజైము కుంటుపడినా, మందు వలన అడ్డుకోబడినా, పిండంలో దెబ్బతినేది ఒకే మార్గం. ఇది తుది రుజువు కాకపోయినా, నమోదైన లోపాలు కాకతాళీయం కావన్న అభిప్రాయానికి బలం చేకూర్చింది.

అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2011 ఆగస్టులో దీర్ఘకాలిక అధిక మోతాదు ఫ్లూకొనజోల్‌ను గర్భధారణకు సంబంధించిన సి వర్గం నుండి డి వర్గానికి మార్చింది. డి వర్గం అంటే మానవ పిండానికి హాని కలుగుతుందనటానికి ఆధారం ఉన్నదని అర్థం. త్రష్‌కు ఇచ్చే 150 మిల్లీగ్రాముల ఒక్క మాత్రను మాత్రం అప్పటికి సి వర్గంలోనే ఉంచింది. ఆ తరువాత అక్షరాల వర్గీకరణనే ఆ సంస్థ ఉపసంహరించుకున్నది. మొత్తం మీద అధిక మోతాదు విషయం తేలింది. ఒక్క మాత్ర మాటేమిటి అన్నది మిగిలింది.

ఒక్క మాత్ర గురించి అధ్యయనాలు

గర్భిణులపై మందును ప్రయోగించి హాని కలుగుతుందేమో చూడటం నీతి కాదు. కాబట్టి ఈ ప్రశ్నకు సమాధానం ఆసుపత్రుల, మందుల దుకాణాల రికార్డులను జోడించి పరిశీలించే అధ్యయనాల నుండే రావాలి. ప్రతి పౌరునికి ఒక సంఖ్య ఉండి అన్ని రికార్డులూ కలిసే డెన్మార్క్ దేశం ఇందుకు అనువైనది.

2013లో డెన్మార్క్ పరిశోధకులు మొదటి త్రైమాసికంలో ఫ్లూకొనజోల్ తీసుకున్న 7352 గర్భాలను పరిశీలించారు. మొత్తం మీద జన్మలోపాలు పెరగలేదు. ఫ్లూకొనజోల్ తీసుకున్నవారిలో 2.86 శాతం, తీసుకోనివారిలో 2.60 శాతం ఉన్నాయి. అయితే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే గుండె లోపం ఏడుగురు శిశువులలో కనిపించింది. ఇది ఆశించిన దానికి సుమారు మూడు రెట్లు. సంఖ్య చిన్నది కనుక దీనిపై గట్టి నిర్ణయానికి రాలేము.

2016 జనవరిలో అదే దేశం నుండి వచ్చిన రెండవ అధ్యయనం గర్భస్రావాన్ని పరిశీలించింది. 7 నుండి 22 వారాల మధ్య ఫ్లూకొనజోల్ తీసుకున్నవారిలో గర్భస్రావం అవకాశం, తీసుకోనివారితో పోలిస్తే, సుమారు ఒకటిన్నర రెట్లు ఉన్నట్లు తేలింది. దీనిపై సహజంగా వచ్చే ఆక్షేపణ ఒకటి ఉన్నది. హాని చేసినది మందేనా, లేక ఆ మందు అవసరమైన వ్యాధేనా? ఈ ఆక్షేపణకు సమాధానంగా పరిశోధకులు రెండవ పోలిక చేశారు. త్రష్ ఉండి, యోనిలో పెట్టుకునే అజోల్ వాడిన స్త్రీలతో పోల్చారు. రెండు వర్గాలకూ వ్యాధి ఒకటే, తేడా మందు వెళ్ళిన దారిలోనే. అప్పుడు కూడా ఫ్లూకొనజోల్ వర్గంలో అవకాశం 1.62 రెట్లు ఉన్నది. ఈ వ్యాసంలోని వాదనకు ఆయువుపట్టు ఈ రెండవ పోలికే. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థ గర్భిణులకు నోటి ఫ్లూకొనజోల్ వ్రాయటంలో జాగ్రత్త వహించమని వైద్యులను కోరింది.

2019లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రపు రికార్డుల ఆధారంగా వెలువడిన అధ్యయనంలో 150 మిల్లీగ్రాముల వరకు తీసుకున్నవారిలో గర్భస్రావం అవకాశం సుమారు రెండు రెట్లు, అంతకు మించి తీసుకున్నవారిలో సుమారు మూడు రెట్లు ఉన్నట్లు కనిపించింది. 2020లో అమెరికాలో చేసిన మరొక పెద్ద అధ్యయనం మళ్ళీ యోని అజోల్ వాడినవారితోనే పోల్చింది. ఎముకలు, కండరాలకు సంబంధించిన జన్మలోపాలు యోని అజోల్ వర్గంలో పదివేలకు సుమారు 37, ఫ్లూకొనజోల్ వర్గంలో పదివేలకు సుమారు 52 ఉన్నాయి. మొత్తం 450 మిల్లీగ్రాములకు మించి తీసుకున్నవారిలో ఈ తేడా మరింత పెరిగింది. చీలిన పెదవి, అంగిలి లోపాలు, టెట్రాలజీ వంటి గుండె లోపాలు పెరిగినట్లు ఆ అధ్యయనంలో కనిపించలేదు. స్వీడన్, నార్వే రికార్డులతో 2018లో వచ్చిన అధ్యయనంలో మృతశిశు జననాలు కూడా పెరగలేదు.

ఈ అధ్యయనాలకు పరిమితులున్నాయి. దుకాణంలో మందు తీసుకున్న స్త్రీ దానిని మింగినదో లేదో రికార్డు చెప్పదు. ఆసుపత్రికి చేరని తొలి వారాల గర్భస్రావాలు లెక్కలోకి రావు. నోటి మాత్ర కోరుకునేవారికి, యోని మాత్ర కోరుకునేవారికి మధ్య మనకు తెలియని ఇతర తేడాలు ఉండవచ్చు. కనుక ఒక్క మాత్ర హాని చేస్తుందని రుజువైనదనటం అతిశయోక్తి, హాని లేదని రుజువైనదనటం అబద్ధం. సమానంగా పనిచేసే, పిండాన్ని దాదాపు చేరని మరొక మందు చేతిలో ఉన్నప్పుడు ఈ మాత్రపు సందేహం చాలునని వైద్య మార్గదర్శకాలు భావించాయి.

తెలియక మాత్ర వేసుకున్నవారు

పైన చెప్పిన స్త్రీ ఆ మాత్రను వేసుకుని ఉంటే ఏమి చేయాలి? గర్భం సంగతి తెలియక ముందే మాత్ర వేసుకున్నవారు ఎందరో ఉంటారు. వీరి విషయంలో రెట్ల లెక్క కంటే అసలు లెక్క చూడటం మేలు. అమెరికా అధ్యయనం ప్రకారం అదనంగా లోపం కలిగే అవకాశం పదివేలలో పది పదిహేనుకు మించదు. అంటే మాత్ర వేసుకున్నవారిలో అత్యధికులకు ఆ కారణంగా ఏ లోపమూ కలగదు. ఇది గర్భాన్ని తొలగించుకోవటానికి కారణం కాదు. వేసుకున్న తేదీ, మోతాదు వైద్యునికి చెప్పి, 18-20 వారాలలో అందరికీ చేసే స్కానింగును తప్పక చేయించుకుంటే చాలు. మళ్ళీ మళ్ళీ అదే మాత్ర వేసుకోవటం మాత్రం వేరే సంగతి, మోతాదు పెరిగినకొద్దీ తేడా పెరిగినట్లు అధ్యయనాలు సూచిస్తున్నాయి.

చికిత్స విధానం

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 మార్గదర్శకాలు గర్భిణులకు యోనిలో వాడే అజోల్ మందులను మాత్రమే, అదీ ఏడు రోజుల పాటు వాడమని చెబుతున్నాయి. క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము గాని, మైకొనజోల్ 2 శాతం క్రీము గాని అయితే రోజుకు 5 గ్రాములు వాడతారు. మాత్ర అయితే 100 మిల్లీగ్రాములు.

ఏడు రోజుల సంగతి కొంత వివరించాలి. గర్భం లేనివారికి ఒకటి లేక మూడు రోజుల చికిత్స సరిపోతుంది. గర్భధారణలో ఈస్ట్రోజన్ ఎక్కువ స్థాయిలోనే కొనసాగుతుంది కనుక శిలీంధ్రానికి అనుకూల పరిస్థితి తొలగిపోదు. గర్భిణులపై చేసిన ప్రయోగాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం నాలుగు రోజుల చికిత్సతో సగానికి కొంచెం పైగా స్త్రీలకు నయం కాగా, ఏడు రోజులతో 90 శాతానికి పైగా నయమైంది. నిస్టాటిన్ అనే పాత మందు కంటే క్లోట్రిమజోల్ వంటివి మెరుగని కూడా ఆ సమీక్షలో తేలింది.

మందును రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి. పగలు పెట్టుకుంటే నిలబడినప్పుడు కరిగి బయటకు వచ్చేస్తుంది. మాత్రతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భిణులు లోతుగా నెట్టరాదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, గోళ్ళు కత్తిరించుకుని, వేలితో పెట్టుకోవటం మేలని పలువురు వైద్యులు చెబుతారు. ఉదయాన తెల్లని పొడి వంటి పదార్థం బయటకు రావటం మందు మిగులే, వ్యాధి పెరిగిందని భయపడనవసరం లేదు. తొలి రెండు రోజులు కొద్దిగా మంట కలగవచ్చు. ఈ మందులలోని నూనె పదార్థాలు రబ్బరు తొడుగులను బలహీనపరుస్తాయి. సబ్బుతోను, డెట్టాల్ వంటి ద్రావణాలతోను లోపల కడగటం వలన దురద పెరుగుతుందే గాని తగ్గదు. లక్షణాలు లేని భర్తకు చికిత్స అవసరం లేదు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణతో సహా దేశంలోని ప్రభుత్వ సుఖవ్యాధి క్లినిక్కులలో, పరీక్ష సౌకర్యం లేని చోట లక్షణాన్ని బట్టి రంగుల పొట్లాలలో మందులు ఇచ్చే పద్ధతి ఉన్నది. తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ పొట్లంలో సెక్నిడజోల్‌తో పాటు ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. మాత్ర ఉంటుంది. గర్భిణికి నోటి ఫ్లూకొనజోల్ ఇవ్వరాదని, క్లోట్రిమజోల్‌ను యోనిలోనే వాడాలని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు ప్రత్యేకంగా పేర్కొన్నాయి. ఆ పొట్లం చేతిలో పడేముందు నెల తప్పిన సంగతి చెప్పటం స్త్రీ వంతు, అడగటం ఇచ్చేవారి వంతు.

నయం కానప్పుడు

ఏడు రాత్రులు వాడినా తగ్గకపోతే మందు మార్చే ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది, మందు పూర్తిగా వాడారా? రెండవది, వ్యాధి అసలు త్రష్షేనా? మూడవది, రక్తంలో చక్కెర ఎంత? గర్భధారణలో వచ్చే మధుమేహం కొన్నిసార్లు తగ్గని త్రష్ రూపంలోనే మొదట బయటపడుతుంది.

ఇవన్నీ సరిగానే ఉంటే స్రావాన్ని కల్చర్ పరీక్షకు పంపి శిలీంధ్రపు జాతిని తెలుసుకుంటారు. కాండిడా గ్లాబ్రాటా అనే జాతి అజోల్ మందులకు అంతగా లొంగదు. కాండిడా క్రుసై జాతికి ఫ్లూకొనజోల్ పట్ల సహజంగానే నిరోధకత ఉన్నది. కాబట్టి పైమందుతో తగ్గలేదు, ఇక మాత్ర మింగుదాం అనుకోవటం ఈ సందర్భంలో అర్థం లేని పని. అటువంటప్పుడు లక్ష యూనిట్ల నిస్టాటిన్ యోని మాత్రలను 14 రాత్రులు వాడతారు. రక్తంలోకి ఇది దాదాపు చేరదు. గర్భం లేనివారిలో మొండి త్రష్‌కు వాడే బోరిక్ ఆమ్లపు గుళికలను గర్భిణులు వాడరాదు.

తల్లి ప్రాణానికి ప్రమాదం కలిగించే శిలీంధ్ర వ్యాధులలో, ఉదాహరణకు క్రిప్టోకోకస్ వలన వచ్చే మెదడువాపులో, పరిస్థితి వేరు. అక్కడ మొదటి త్రైమాసికంలో ఆంఫోటెరిసిన్-బి వాడతారు, తరువాతి నెలలలో ఫ్లూకొనజోల్ లాభనష్టాలను బేరీజు వేసి నిర్ణయిస్తారు. త్రష్‌కు ఆ అత్యవసరం లేదు.

ప్రసవం తరువాత

ప్రసవ సమయానికి తల్లికి త్రష్ ఉంటే, జనన మార్గంలో శిలీంధ్రం శిశువుకు అంటి కొద్ది రోజులలో నాలుకపై పెరుగు తరకల వంటి తెల్లని మచ్చలు రావచ్చు. పాలు తాగిన మరక అయితే మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. త్రష్ అయితే తేలికగా ఊడదు, ఊడినచోట ఎర్రగా కనిపిస్తుంది. నోటిలో వేసే చుక్కల మందుతో ఇది నయమవుతుంది. ప్రసవంతో ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోవటం వలన చాలామంది తల్లులలో వ్యాధి తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. పాలిచ్చే తల్లికి తిరిగి త్రష్ వస్తే ఒక్క మాత్ర ఫ్లూకొనజోల్ వాడుకోవచ్చు. తల్లిపాలలోకి అది చేరినా, నవజాత శిశువులకు చికిత్సగా నేరుగా ఇచ్చే మోతాదు కంటే ఆ పరిమాణం తక్కువే.